45 నిమిషాలు, 270 గీతలు

"గోలీని ఆపేసిన ఆ బలాన్ని ఏమంటాం? ఘర్...?"

"...షణ!"

నలభై ఒక్క మంది పిల్లలు ఒకే గొంతుతో అన్నారు. తరగతిలో నిలబడి వింటే ఆ కేక చెవికి ఎంతో ఇంపుగా ఉంటుంది. అందరికీ వచ్చేసింది, ఇక ముందుకు పోవచ్చు అనిపిస్తుంది. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని, ఫోన్లో అదే క్షణాన్ని శబ్దం పూర్తిగా తగ్గించి చూశాను. ముందు మూడు బెంచీల పిల్లల పెదాలు కదిలాయి. వెనక బెంచీల వాళ్లవి ఓ క్షణం ఆలస్యంగా కదిలాయి. అంటే వాళ్లు జవాబు చెప్పలేదు, ముందువాళ్లు చెప్పింది అందుకున్నారు. ఎడమ వరస చివర కూర్చున్న ఇద్దరు నోరు తెరవనే లేదు.

పద్దెనిమిదేళ్లుగా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. నా పాఠం బయటి నుంచి ఎలా ఉంటుందో నేను చూసింది ఆ రోజే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బీఎడ్ చదివిన వాళ్లందరికీ సూక్ష్మ బోధన గుర్తుండే ఉంటుంది. ఆరు నిమిషాలు పాఠం చెప్పడం, తోటి ఛాత్రోపాధ్యాయులు వెనక కూర్చుని లోపాలు రాయడం, మళ్లీ చెప్పడం. ఆ పద్ధతి 1960ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరుల చేతుల్లో పుట్టింది. అప్పట్లో కొత్తగా వచ్చిన వీడియో టేప్ రికార్డర్ దానికి బాగా కలిసొచ్చింది. మన బీఎడ్ కాలేజీలకు వచ్చేసరికి కెమెరా పోయి కాగితం మిగిలింది. వెనక కూర్చున్న స్నేహితుడు మన మీద ప్రేమ కొద్దీ 'బాగుంది' అని రాసి ఇచ్చేవాడు. ఇప్పుడు ప్రతి టీచరు జేబులోనూ అలెన్ వాడిన దానికన్నా మంచి కెమెరా ఉంది. దాన్ని పతాక వందనానికీ, మధ్యాహ్న భోజనం ఫొటోలకూ వాడుతున్నాం.

నేను తీసింది ఎనిమిదో తరగతి ఏ సెక్షన్‌కి చెప్పిన ఘర్షణ పాఠం. మొదటి ప్రయత్నం పూర్తిగా దండగైంది. ఫోన్‌ను వెనక గోడ దగ్గర అలమరా మీద పెట్టాను. పెళ్లి వీడియోలో పురోహితుడిలా నేను మాత్రం చక్కగా పడ్డాను. పిల్లలవి వీపులూ, జడలూ. పిల్లలు పాఠంలో ఉన్నారో లేదో వాళ్ల వీపులు చెప్పవు. రెండోసారి ముందు వైపు, బోర్డు పక్క మూలలో కిటికీ గూట్లో పెట్టాను. ఫోన్ అడ్డంగా, తలకన్నా కొంచెం ఎత్తులో, గదికి ఏటవాలుగా ఉంది. కిటికీ ఫోన్ వెనక వైపు ఉండేలా చూసుకోవాలి. ఎదురుగా ఉంటే వెలుగంతా లెన్సులో పడి ముఖాలు నల్లగా వస్తాయి. ఈ చోటు నుంచి నేను సగం సమయం కనబడను. ఫరవాలేదు, నా ముఖం నాకు తెలుసు.

శబ్దానిది వేరే తంటా. రెండు సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతుంటే ఆరో బెంచీ పిల్ల మెల్లగా చెప్పిన జవాబు ముందున్న ఫోన్‌కి చేరదు. అందుకే మా లెక్కల సారు పాత ఫోన్ అడిగి తీసుకుని, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, వెనక బెంచీ మీద బోర్లా పెట్టాను. పాఠం మొదట్లో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే చాలు. ఆ చప్పుడు రెండింటిలోనూ ఎక్కడ పడిందో చూసుకుని, తరవాత రెండింటినీ కలిపి వినొచ్చు. రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. పాఠం మధ్యలో ఫోన్ వస్తే రికార్డింగ్ ఆగిపోయే మోడళ్లు ఉన్నాయి.

తీసేముందు హెడ్‌మాస్టరు గారికి చెప్పాను, తల్లిదండ్రుల దగ్గర సంతకాలు తీసుకున్నాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒక ఆడపిల్ల జవాబు తప్పు చెప్పి తల దించుకున్న దృశ్యం స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో తిరగడం నాకు ఇష్టం లేదు. చూసేది నేను, అవసరమైతే లెక్కల సారు, లెక్క అయ్యాక తుడిచేస్తానని ఆ కాగితంలోనే రాశాను.

ఇంకొక జాగ్రత్త ఉంది. ఫోన్ పెట్టిన మొదటి రోజు పిల్లలు పిల్లల్లా ఉండరు. కొందరు బిగుసుకుపోతారు, కొందరు నటిస్తారు. నేనూ అంతే, ఆ రోజు నా తెలుగు రేడియో తెలుగులా ఉంది. అందుకే నాలుగు రోజులు వరసగా ఫోన్ గూట్లో పెట్టి ఉంచాను. ఐదో రోజుకి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేను లెక్క కట్టింది ఆ ఐదో రోజు వీడియోనే.

మొదటిసారి చూసేటప్పుడు ఏ లెక్కా వేయలేం. కంటికి మన పొట్ట, చెవికి మన గొంతు తప్ప ఇంకేమీ ఆనవు. 'నేను ప్రతి వాక్యం చివరా సరేనా అంటానా!' అని ఆశ్చర్యపోతూనే ముప్పావుగంట గడిచిపోతుంది. ఆ ఒక్కసారీ అలా వదిలేయాలి. రెండోసారి శబ్దం లేకుండా పిల్లల్ని చూడాలి. మూడోసారి బొమ్మ చూడకుండా మాటలు మాత్రమే వినాలి. ఇలా విడదీసి చూస్తేనే పని జరుగుతుంది. కళ్లూ చెవులూ కలిసి పనిచేస్తే కథలో పడిపోతాం.

మాటల లెక్కకి పాత పద్ధతి ఒకటుంది. నెడ్ ఫ్లాండర్స్ అనే అమెరికన్ పరిశోధకుడు తరగతిలో జరిగేదాన్ని పది రకాలుగా విడగొట్టి, ప్రతి మూడు సెకన్లకూ ఏ రకం నడుస్తోందో ఒక అంకె వేయమన్నాడు. బీఎడ్ పరీక్షలో దాని పట్టిక గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, కానీ ఒక్కసారీ వాడింది లేదు. 45 నిమిషాల పీరియడ్‌కి 900 అంకెలు వేయాలి. అలవాటు లేనివాడికి చేయి తిరగదు. నేను దాన్ని నాకు చేతనైనంతకి కుదించుకున్నాను. ప్రతి పది సెకన్లకు ఒక గీత. తెర మీద సెకన్ల అంకె సున్నాతో ముగిసినప్పుడల్లా ఆ క్షణాన గదిలో ఏం జరుగుతోందో చూసి ఐదు గడుల్లో ఒకదానిలో గీత పెట్టడమే. నేను మాట్లాడుతున్నానా, ఒక పిల్లో పిల్లాడో విడిగా మాట్లాడుతున్నారా, అందరూ కలిసి అంటున్నారా, పిల్లలు రాసుకుంటూనో జంటల్లో మాట్లాడుకుంటూనో పనిలో ఉన్నారా, లేక ఇవేవీ కాని ఖాళీ సమయమా. మొత్తం 270 గీతలు.

వేసేముందు నా అంచనా కాగితం మీద రాసుకున్నాను: నేను సగం, పిల్లలు సగం. తేలింది ఇది. నా మాటలు 171 గీతలు, అంటే ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలు. బృందగానం 24 గీతలు. పిల్లలు రాసుకున్నది ఇంకో 24. హాజరు, వస్తువుల కోసం వెతుకులాట కలిపి 36. ఒక పిల్ల లేదా పిల్లాడు విడిగా, తన గొంతుతో మాట్లాడినది 15 గీతలు. నలభై ఒక్క మందికి కలిపి రెండున్నర నిమిషాలు.

ఈ గీతల్ని మరీ నమ్మేయకూడదు. లెక్కల సారుని ఒక ఐదు నిమిషాల ముక్క విడిగా లెక్కించమన్నాను. ముప్పై గీతల్లో ఇరవై ఆరు చోట్ల మేమిద్దరం ఒకటే పెట్టాం. తేడా వచ్చిన నాలుగూ 'ఘర్... షణ' లాంటి చోట్లే. సగం మాట నాది, సగం వాళ్లది, గీత ఎవరి గడిలో వేయాలి? పదం మొదలుపెట్టిన వాళ్ల గడిలోనే వేయాలని ఒప్పందం చేసుకుని మళ్లీ వేశాం. ఇలాంటి చిన్న నియమాలు ముందే రాసుకోకపోతే రెండో వీడియో నాటికి మన లెక్క మనకే మారిపోతుంది, పాఠం మారిందో కొలత మారిందో తెలియదు.

ఇంకా పెద్ద ప్రమాదం ఏమిటంటే, 171 చూసి సిగ్గుపడి నోరు కట్టుకోవడం. 'టీచరు తక్కువ మాట్లాడాలి' అని శిక్షణా శిబిరాల్లో విని విని అదే మంచి పాఠానికి కొలబద్ద అనుకుంటాం. టిమ్స్ 1999 వీడియో అధ్యయనం ఏడు దేశాల ఎనిమిదో తరగతి లెక్కల పాఠాలను పోల్చింది. పిల్లలు ఒక్క మాట అంటే టీచరు ఎన్ని మాటలు అంటున్నారో కూడా అందులో లెక్కకట్టారు. అమెరికాలో సగటున ఎనిమిది, జపాన్‌లో పదమూడు, హాంకాంగ్‌లో పదహారు. లెక్కల్లో పిల్లలు ముందున్నది మాత్రం జపాన్, హాంకాంగ్‌లలోనే. కాబట్టి ఎన్ని నిమిషాలు మాట్లాడామన్న అంకె ఒక్కటే ఏ తీర్పూ ఇవ్వదు. ఆ మాటలు ఏం చేస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి అన్నదే చూడాలి. అందుకని మూడోసారి విన్నప్పుడు నా ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా రాసుకున్నాను.

యాభై రెండు ప్రశ్నలు వచ్చాయి. అందులో పద్నాలుగు 'అర్థమైందా?', 'సరేనా?' రకం. వీటికి ఔననడం తప్ప వేరే జవాబు ఉండదు. ఆరు 'పుస్తకం తెచ్చారా' వంటివి. ఇరవై ఏడు తోక ప్రశ్నలు: పదం సగం నేను అనడం, మిగతా సగం వాళ్లు పూరించడం, లేదా ఒక్క మాటతో తేలిపోయేవి. నిజంగా ఆలోచించాల్సినవి ఐదు. 'ఘర్షణే లేకపోతే ఏమవుతుంది?' అన్నది వాటిలో ఒకటి. పాఠానికి ప్రాణం ఆ ప్రశ్నే.

ఆ ఐదింటి దగ్గర నేను ఎంతసేపు ఆగానో కొలిచాను. వీడియో వేగాన్ని సగానికి తగ్గించి, ప్రశ్నలో చివరి అక్షరం ముగియగానే స్టాప్‌వాచ్ నొక్కి, నాదైనా పిల్లలదైనా తరవాతి మాట వినబడగానే ఆపి, వచ్చిన దాన్ని రెండుతో భాగించాలి. నాకు వచ్చినవి 1.2, 0.8, 1, 0.6, 2.1 సెకన్లు. ఐదింట్లో మూడింటికి జవాబు నేనే చెప్పేశాను.

మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970ల నాటికే ఈ మౌనాన్ని టేపుల్లో కొలిచింది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను దాకా మాత్రమే ఆగుతున్నారని ఆమెకు తేలింది. దాన్ని మూడు సెకన్లకో ఇంకాస్త ఎక్కువకో పెంచితే జవాబులు పొడవయ్యాయి, అడగకుండానే చెప్పేవాళ్లు పెరిగారు, 'తెలీదు'లు తగ్గాయి. ఆమె ఇంకో మౌనాన్నీ పట్టుకుంది. పిల్ల జవాబు చెప్పాక టీచరు మళ్లీ నోరు విప్పడానికి పట్టే సమయం అది. మనం సాధారణంగా పిల్ల వాక్యం తోక మీదే 'ఆఁ, వెరీ గుడ్' అని ఎక్కి కూర్చుంటాం. ఆ పిల్ల దగ్గర ఇంకో వాక్యం ఉండి ఉంటుంది, అది లోపలే ఉండిపోతుంది.

నా వీడియోలో నాకు బాగా గుచ్చుకున్నది కూడా అదే. 'ఘర్షణే లేకపోతే' అన్నప్పుడు ముందు బెంచీ వాళ్లు ఒక సెకనులోపే 'జారి పడతాం సార్' అన్నారు. 'ఆఁ, జారి పడతాం! జారి పడతాం కదా?' అని నేను రెండుసార్లు తిప్పి అన్నాను. అదే సమయంలో నాలుగో బెంచీలో ఒక పిల్ల చేయి మోచేతి దాకా లేచి దిగిపోయింది. వీడియో ఆపి చూస్తే తప్ప అది కనబడదు. ఆ రోజు నేను చూడలేదు.

వేగం సంగతికొస్తే, నేను వేగమంటే గబగబా మాట్లాడటమో నెమ్మదిగా మాట్లాడటమో అనుకునేవాణ్ణి. వీడియోలో అది వేరే రూపంలో కనబడింది. పాఠ్య ప్రణాళిక పక్కన పెట్టుకుని, ప్రతి ఘట్టం ఏ నిమిషంలో మొదలై ఏ నిమిషంలో ముగిసిందో రాశాను. హాజరుకి మూడు నిమిషాలు పోయాయి. నిన్నటి పాఠం పునశ్చరణకి ప్రణాళికలో ఐదు నిమిషాలు రాసుకున్నాను, పట్టినవి పదమూడు. ప్రయోగం పదహారో నిమిషంలో మొదలైంది. వాలుగా పెట్టిన అట్ట మీంచి గోలీని వదిలి, అది గచ్చు మీద, గోనెపట్టా మీద, ఇసుక మీద ఎంత దూరం పోతుందో చూడటం ఆ ప్రయోగం. ఇసుక బయటి నుంచి తెప్పించడానికి మూడు నిమిషాలు గడిచాయి. ఒక అబ్బాయి గోలీ వదులుతుంటే మిగతా నలభై మందీ చూశారు. ముప్పై ఒకటో నిమిషానికి గానీ అసలు విషయానికి రాలేదు. చివరి నాలుగు నిమిషాలు నోట్సు రాయించాను, గంట కొట్టేసింది.

పునశ్చరణకి పదమూడు నిమిషాలు ఎందుకు పట్టింది? ఆ ముక్క మళ్లీ విన్నాక కారణం దొరికింది. పిల్లలు చెప్పిన ప్రతి జవాబునూ నేను తిరిగి అంటున్నాను. 'బలం' అని వాళ్లంటే 'బలం... బలం అంటున్నారు... కరెక్ట్, బలం' అని నేను. వెనక వాళ్లకి వినబడాలని మొదలైన అలవాటు. దానివల్ల పిల్లలు ఒకరి మాట ఒకరు వినడం మానేశారు, సారు మళ్లీ చెబుతాడు కదా అన్న ధైర్యంతో. నేను మాట్లాడిన ఇరవై ఎనిమిదిన్నర నిమిషాల్లో ఈ ప్రతిధ్వని వాటా చిన్నదేం కాదు.

ఇక పిల్లలు పాఠంలో ఉన్నారా లేదా అన్నది మూడింటిలోకీ కష్టమైన లెక్క. ఆసక్తిని కెమెరా పట్టలేదు. చూపు ఎటుందో, చేతులు ఏం చేస్తున్నాయో అంతవరకే పడుతుంది. కిటికీ వైపు చూస్తున్న పిల్లాడు ఆలోచిస్తూ ఉండొచ్చు. బోర్డునే చూస్తున్న పిల్ల మనసు ఇంటి దగ్గర జ్వరంతో ఉన్న తమ్ముడి మీద ఉండొచ్చు. అందుకని ఒక్కొక్కరి మీదా తీర్పు చెప్పకుండా, వీడియో చూడకముందే ఆరుగురిని ఎంచుకున్నాను. ముందు ఇద్దరు, మధ్య ఇద్దరు, వెనక ఇద్దరు. ప్రతి రెండు నిమిషాలకు వీడియో ఆపి, ఆ ఆరుగురిలో ఎందరి చూపు లేదా చెయ్యి పాఠం మీద ఉందో రాశాను. ముందే ఎంచుకోవడం ముఖ్యం. లేకపోతే కన్ను తనకు కావలసిన వాళ్ల దగ్గరికే పోతుంది, చురుకైన పిల్లల్ని చూసి సంతోషించి లేచి వచ్చేస్తాం.

ఒక్క బొమ్మని నమ్మకుండా, ఆరుగురూ కలిసి పడిపోయిన చోట్లూ, కలిసి లేచిన చోట్లూ మాత్రమే పట్టించుకున్నాను. తొమ్మిదో నిమిషం నుంచి పదహారు దాకా ఆరుగురిలో ఇద్దరే, ఒక్కోసారి ఒక్కరే. అది సరిగ్గా నా ప్రతిధ్వని సాగిన చోటు. గోలీ ఇసుకలోకి దిగినప్పుడు ఆరుగురూ ఉన్నారు, వెనక వాళ్లు బెంచీల మీద మోకాళ్లేసి తొంగి చూస్తున్నారు. తరవాత నేను వివరణ మొదలుపెట్టగానే నాలుగు నిమిషాల్లో మళ్లీ మూడుకి వచ్చేసింది.

చివరగా తరగతి పటం గీసి, విడిగా మాట్లాడిన వాళ్ల చోట్ల చుక్కలు పెట్టాను. తొమ్మిది మంది. చుక్కలన్నీ ముందు మూడు బెంచీల్లో, మధ్య నుంచి కుడి వైపుకి ఉన్నాయి. ఎడమ వరస మొత్తం ఖాళీ. ఆడమ్స్, బిడిల్ అనే ఇద్దరు పరిశోధకులు తరగతుల వీడియో టేపులు చూసి 1970లో ఒక పుస్తకం వేశారు. తరగతిలో మాట్లాడేవాళ్లు ఎక్కువగా ముందు వరసలోనూ, మధ్య బారులోనూ ఉంటారని అందులో చూపించారు. నా పటం కుడికి ఎందుకు వాలిందో వీడియోలోనే కనబడింది. కుడిచేతి వాటం వాణ్ణి, బోర్డు మీద రాసి తిరిగినప్పుడల్లా కుడి వైపుకే తిరుగుతున్నాను. ఎడమ వరస వాళ్లు ముప్పావుగంట సేపు నా భుజాన్ని చూశారు.

ఇన్ని లోపాలు ఒకేసారి కనబడితే అన్నీ ఒకేసారి దిద్దాలనిపిస్తుంది. అలా చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, పైగా తరగతిలో నిలబడ్డాక ఒక్కటీ గుర్తుండదు. నేను ఒకదాన్నే పట్టుకున్నాను. ఆలోచించాల్సిన ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టాలి, ఆ తరవాత జంటల్లో మాట్లాడుకోమనాలి, కేకలు వద్దు, నేను పేరు పిలిచినవాళ్లే చెప్పాలి. రెండు రోజుల తరవాత అదే ఘర్షణ పాఠం బీ సెక్షన్‌లో చెప్పాల్సి ఉంది. అక్కడా నాలుగు రోజుల ముందు నుంచే ఫోన్ గూట్లో ఉంది. ఒకటే పాఠం, వేరే పిల్లలు. పక్కాగా పోల్చడానికి ఇది చాలదు, కానీ నాలాంటి వాడికి దొరికేది అంతే.

బీ సెక్షన్‌లో మొదటి ప్రశ్న దగ్గరే తప్పాను. 'ఇసుక మీద గోలీ ఎందుకు ముందే ఆగింది?' అని అడిగి, ఒకటి, రెండు దాకా లెక్కపెట్టి, మూడు అనకముందే 'అంటే, ఇసుకకీ గచ్చుకీ తేడా ఏంటి?' అన్నాను. వీడియోలో స్పష్టంగా ఉంది: ఇద్దరు నోరు తెరవబోయి మూసేశారు. ప్రశ్న మార్చి అడిగితే సాయం చేసినట్టు అనిపిస్తుంది. నిజానికి పిల్లలు అప్పటిదాకా ఆలోచించింది పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. తరవాతి ప్రశ్న నుంచి చేతిలో సుద్దముక్క గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

'ఘర్షణే లేకపోతే ఏమవుతుంది?' ఈసారి నాలుగు సెకన్లు మౌనం. తరగతిలో నాలుగు సెకన్లు చాలా పొడవు. జంటల్లో ఒక నిమిషం గుసగుసలు. పేరు పిలిస్తే ఒకబ్బాయి 'సైకిల్ ఇంకా స్పీడ్‌గా పోతుంది సార్' అన్నాడు. నేను ఏమీ అనలేదు. పక్క వరస పిల్ల 'పోదు, చక్రం అక్కడే తిరుగుద్ది, బురదలో తిరిగినట్టు' అంది. వెనక నుంచి ఇంకో పిల్ల లేచి, 'గోడకి కొట్టిన మేకు నిలవదు సార్, ఊడొస్తది' అంది. ఆగకుండా 'చీరకి ముడేసినా నిలవదు' అని కూడా చేర్చింది. మేకును గోడ పట్టుకునేదీ, ముడి విడిపోకుండా ఉండేదీ ఘర్షణ వల్లనే. పద్దెనిమిదేళ్లలో ఆ రెండు ఉదాహరణలూ నేను ఎన్నడూ చెప్పలేదు.

రెండో వీడియో గీతలు ఇలా వచ్చాయి: నేను 138, బృందగానం 9, విడి గొంతులు 33, రాతపనీ జంటపనీ కలిపి 66, ఖాళీ 24. నా ప్రశ్నలు యాభై రెండు నుంచి ఇరవై తొమ్మిదికి తగ్గాయి. విడిగా మాట్లాడినవాళ్లు తొమ్మిది మంది నుంచి పదిహేడు మందికి పెరిగారు. ఎడమ వరసలో ఇద్దరే. కుడికి తిరగడం నేను ఇంకా మానలేదు, దాని జోలికి వెళ్లలేదు కూడా.

దీనికి మూల్యం కూడా ఉంది. ఏ సెక్షన్‌లో పాఠం, హడావిడిగానైనా, అయిపోయింది. బీ సెక్షన్‌లో ఘర్షణ తగ్గించే మార్గాలు, అంటే నూనె, గ్రీజు, బాల్ బేరింగులు మొత్తం మిగిలిపోయాయి. సిలబస్ పరుగులో ఇది చిన్న విషయం కాదు. మౌనం అన్నిచోట్లా పనికిరాదని కూడా తెలిసింది. 'బలానికి ప్రమాణం ఏది?' అని అడిగి మూడు సెకన్లు ఆగితే వీడియోలో పిల్లలు విసుగ్గా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. గుర్తుంటే వెంటనే వస్తుంది, లేకపోతే ఎంత ఆగినా రాదు. అలాంటి ప్రశ్న గబగబా అడిగి దాటిపోవలసిందే.

రెండు వీడియోలూ ఆ ఆదివారం తుడిచేశాను. గీతలు గీసిన గళ్ల కాగితాలు రెండూ సైన్స్ ల్యాబ్ బీరువా తలుపుకి లోపలి వైపు అంటించి ఉన్నాయి. మర్నాడు బీ సెక్షన్‌కి వెళ్లి, ఏమీ చెప్పకుండా, ఇంట్లోంచి తెచ్చిన కిర్రుమనే గొళ్లెం ఒకటి బల్ల మీద పెట్టి, 'దీన్ని ఏం చేద్దాం, ఎందుకు?' అని అడిగాను. ఈసారి బోర్డుకి ఎడమ పక్కన నిలబడ్డాను.